అమ్మమ్మ పోయిన స్నేహితురాలికి

‘ఆత్మకు శాంతి కలగాలి’ అన్న మాట ఎవరి అమ్మమ్మకైనా సరిపోతుంది, అందుకే మనసుకు తగలదు. ‘పెద్ద వయసే కదా’ అనడం ఇంకా కష్టం, ఏడవక్కర్లేదన్నట్టు వినిపిస్తుంది. మీరు కళ్లారా చూసిన ఒక్క సంగతి రాయండి:

‘పద్మా, అమ్మమ్మగారి కబురు ఇప్పుడే తెలిసింది. మీ ఇంటికొస్తే నన్నేమీ అడక్కుండానే కంచం పెట్టేవారు. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకోవడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. జవాబు రాయకపోయినా పర్లేదు. రేపు పొద్దున ఏడింటికి అందరికీ ఇడ్లీ, కాఫీ తెస్తాను. బాబుని బడికి నేనే దింపుతాను.’

‘ఏమైనా కావాలంటే చెప్పు’ అంటే, ఆలోచించే భారం ఆమెదే అవుతుంది. పొయ్యి వెలగని ఇంటికి టిఫిన్ వేళ చెప్పడమే మేలు. అమ్మమ్మను మీరెప్పుడూ చూడకపోతే, పద్మ ఆవిడ గురించి చెప్పిన మాటొకటి గుర్తుచేయండి.