ఒప్పందంలో రాసిన నష్టపరిహారం: కోర్టు ఎంతవరకు ఇప్పిస్తుంది?

ఒప్పందం చేసుకొనేటప్పుడే, దానిని ఉల్లంఘించినవారు ఎంత మొత్తం చెల్లించాలో పక్షాలు ముందుగా రాసుకోవడం వాడుకలో ఉంది. జరగబోయే నష్టాన్ని నిజాయితీగా అంచనా వేసి రాసిన మొత్తాన్ని 'నిర్ణీత నష్టపరిహారం' అంటారు. నష్టంతో పొంతన లేకుండా, ఎదుటి పక్షాన్ని భయపెట్టడానికి రాసిన మొత్తాన్ని 'పెనాల్టీ' అంటారు.

ఇంగ్లండు న్యాయం ప్రకారం మొదటిది పూర్తిగా వసూలవుతుంది, రెండవది చెల్లదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872 లోని 74వ సెక్షన్ వేరే దారి ఎంచుకొంది. రాసుకొన్న మొత్తం ఏ రకానిదైనా, బాధిత పక్షానికి లభించేది సముచితమైన పరిహారం మాత్రమే. రాసుకొన్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి.

ఉదాహరణ: ఫతేచంద్ వర్సెస్ బాలకిషన్ దాస్ (1963)

ఢిల్లీలోని ఒక ఆస్తిని రూ.1,12,500 లకు అమ్మడానికి 1949లో ఒప్పందం జరిగింది. కొనుగోలుదారు బయానాగా రూ.1,000, ఆ తరవాత రూ.24,000 చెల్లించి ఆస్తిని స్వాధీనం చేసుకొన్నాడు. గడువులోగా అతడు రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే రూ.25,000 మొత్తం జప్తు అవుతుందని షరతు రాసుకొన్నారు. అమ్మకం పూర్తికాలేదు. తప్పు కొనుగోలుదారుదేనని తేలింది.

అయినా సుప్రీంకోర్టు ఆ షరతును యథాతథంగా అమలు చేయలేదు. రూ.1,000 బయానా కాబట్టి దాని జప్తు చెల్లుతుంది. రూ.24,000 ధరలో భాగం. దాని జప్తు షరతు పెనాల్టీయే. ఆస్తి విలువ తగ్గిందని అమ్మకందారు రుజువు చేయలేదు. ఆస్తి తన స్వాధీనంలో లేని కాలానికి కలిగిన నష్టం మాత్రమే కనిపించింది. దానిని కోర్టు విడిగా లెక్కగట్టింది.

రుజువు ఎప్పుడు అవసరం?

74వ సెక్షన్‌లో 'వాస్తవ నష్టం రుజువైనా కాకపోయినా' అన్న మాటలు ఉన్నాయి. వీటిని చదివి, నష్టమే జరగకపోయినా డబ్బు వస్తుందని విద్యార్థులు పొరబడతారు. ఉల్లంఘన వల్ల ఏ నష్టమూ కలగనప్పుడు పరిహారం ఉండదు. నష్టం కలిగి, దానిని లెక్కగట్టడం కష్టమైనప్పుడే ఆ మాటలు ఉపయోగపడతాయి. ఓఎన్‌జీసీ వర్సెస్ సా పైప్స్ (2003) కేసులో పైపుల సరఫరా ఆలస్యమైంది. అటువంటి జాప్యం వల్ల కలిగే నష్టాన్ని కచ్చితంగా లెక్కించడం కష్టం కాబట్టి, ముందుగా అంచనా వేసి రాసుకొన్న మొత్తాన్ని కోర్టు ఆమోదించింది. మార్కెట్ ధరతో పోల్చి నష్టాన్ని తేల్చగలిగిన సందర్భంలో మాత్రం బాధిత పక్షం దానిని రుజువు చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

రూ.20 లక్షల ఇంటి కొనుగోలుదారు రూ.8 లక్షలు చెల్లించి, ఆపై ఒప్పందం తప్పాడు. 'చెల్లించినదంతా జప్తు' అని షరతు ఉంది. అమ్మకందారు నెలలోపే అదే ఇంటిని రూ.21 లక్షలకు అమ్మాడు. మొత్తం రూ.8 లక్షలు అతడు ఉంచుకోగలడా? కారణాలతో రాయండి.