క్యాసెట్టా, ఫ్రీవీలా?

గేరు సైకిల్ వెనక చక్రానికి పళ్లచక్రాల గుత్తి ఉంటుంది కదా. ఫొటోలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కానీ రకాలు రెండు. ఫ్రీవీల్‌ను హబ్‌కు మరలాగా తిప్పి బిగిస్తారు. క్యాసెట్‌ను హబ్ గాళ్లలోకి జొనిపి, పైన లాక్‌రింగ్ వేస్తారు. ఒకదాని బదులు మరొకటి పట్టదు. అందుకే కొత్తది కొనేముందే ఏ రకమో తేలాలి.

చక్రం ఊడదీసి, చిన్న పళ్లచక్రం మధ్యభాగాన్ని దగ్గరగా ఫొటో తీయండి. రింగు మీద "LOCK" అని ఉంటే అది క్యాసెట్టే. అక్షరాలు అరిగిపోయాయా? ఇక ఫొటో చాలదు. చక్రాన్ని కదలకుండా పట్టుకుని పళ్లను వెనక్కి తిప్పండి. పనిముట్టు దూరే గాళ్లు కూడా తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. క్యాసెట్ విప్పేటప్పుడు పళ్లు తిరగకుండా గొలుసు పట్టీ కూడా కావాలి, ఫ్రీవీల్‌కు అక్కర్లేదు.