తాళాలు ఇస్తామన్న తేదీ ఏది?

దసరాకి గృహప్రవేశం చేసుకోవచ్చన్నారు. దసరాకి లిఫ్టు రాలేదన్నారు. సంక్రాంతికి ట్రాన్స్‌ఫార్మర్ బిగించలేదన్నారు. ఉగాది నాటికి సైట్‌లో మేస్త్రీలే కనిపించలేదు. హైదరాబాద్ శివార్లలో ఫ్లాట్ కొన్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మాటలు రోజూ కనిపిస్తాయి. ఒకవైపు అద్దె, మరోవైపు బ్యాంకు వాయిదా కట్టుకుంటూ ఓపిక నశించినవాళ్లు చివరికి రెరాకు వెళ్తారు. అక్కడ మాత్రం పండుగల పేర్లు పనికిరావు. బిల్డర్ ఏ తేదీకి ఇస్తానన్నాడు, ఆ మాట ఏ కాగితం మీద ఉంది అన్నదే ముందు తేలాలి.

స్థిరాస్తి రంగ నియంత్రణకు 2016లో వచ్చిన కేంద్ర చట్టంలోని 18వ సెక్షన్ ఇందుకు ఆధారం. ఒప్పందంలో రాసిన తేదీకి ఫ్లాట్ అప్పగించకపోతే కొనుగోలుదారుకు రెండు దారులున్నాయి. ఇక వద్దనుకుంటే కట్టిన డబ్బును వడ్డీతో సహా వెనక్కి అడగవచ్చు. ఫ్లాటే కావాలనుకుంటే, ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడుగుతూ ఇల్లు చేతికొచ్చేదాకా ఆగవచ్చు. వడ్డీ రేటు బిల్డర్ దయ మీద ఆధారపడదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నియమాల్లో స్టేట్ బ్యాంకు ఎంసీఎల్ఆర్‌కు 2 శాతం కలిపి లెక్కగడతారు. కొనుగోలుదారు వాయిదా ఆలస్యం చేసినా ఇదే రేటు. ఆలస్యమైతే బిల్డర్ చదరపు అడుక్కి నెలకు ఐదు రూపాయలిస్తాడని, కొనుగోలుదారు మాత్రం 18 శాతం కట్టాలని రాసుకున్న పాత తరహా ఒప్పందాల ఎత్తు ఇక్కడ పారదు.

ఒక లెక్క చూద్దాం. నిజాంపేట వైపు ఒక దంపతులు 2020 నవంబరులో ఒప్పందం చేసుకున్నారనుకుందాం. అప్పగింత గడువు 2022 డిసెంబరు 31, ఆపైన ఆరు నెలల గ్రేస్ పీరియడ్. 2022 చివరికల్లా వాళ్లు 60 లక్షలు కట్టేశారు. 2024 జనవరి 1న మరో 6 లక్షలు కట్టారు. 2024 చివరికీ ఇల్లు పూర్తికాలేదు. వడ్డీ 11 శాతం అనుకుంటే 60 లక్షల మీద నెలకు 55 వేలు. గ్రేస్ ముగిశాక 2023 జులై నుంచి 2024 డిసెంబరు దాకా 18 నెలలకు 9 లక్షల 90 వేలు. తర్వాత కట్టిన 6 లక్షలకు నెలకు 5,500 చొప్పున 12 నెలలకు 66 వేలు. మొత్తం 10 లక్షల 56 వేలు. ఆపైన తాళాలు చేతికి వచ్చేదాకా నెలకు 60,500 చొప్పున పెరుగుతూనే ఉంటుంది.

గ్రేస్ పీరియడ్‌ను లెక్కలోకి తీసుకోకపోతే ఇంకో 3 లక్షల 30 వేలు కలుస్తాయి. అందుకే ఆ క్లాజులో ఏముందో అక్షరం అక్షరం చదవాలి. ఊరికే ఆరు నెలలు ఇచ్చారా, లేక ఫలానా ఇబ్బంది వస్తేనే అన్నారా? షరతు ఉంటే, ఆ ఇబ్బంది నిజంగా వచ్చిందని చూపమని బిల్డర్‌ను అడగవచ్చు. ఫిర్యాదులో రెండు లెక్కలూ వేసి, మొదటిది ఒప్పుకోకపోతే కనీసం రెండోదైనా ఇప్పించమని కోరడం తెలివైన పని.

బిల్డర్ తరఫు వకీలు చెప్పే మొదటి జవాబు సాధారణంగా ఇంకో తేదీ గురించే. ప్రాజెక్టును రెరాలో నమోదు చేసినప్పుడు పూర్తిచేసే గడువు 2025 జూన్ అని రాశామని, అది ఇంకా దాటలేదని అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 2017 డిసెంబరులో నీల్‌కమల్ రియల్టర్స్ కేసులో బొంబాయి హైకోర్టు, రెరాకు చెప్పుకున్న కొత్త గడువు కొనుగోలుదారుతో చేసుకున్న ఒప్పందాన్ని తిరగరాయదని తేల్చింది. 2020 నవంబరులో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఒప్పందం తేదీ నుంచే లెక్క చూడాలంది. ఇక కరోనా సంగతి. మన ఉదాహరణలోని బిల్డర్ మొదటి లాక్‌డౌన్ చూశాకే ఆ గడువుకు సంతకం పెట్టాడు కాబట్టి ఆ సాకుకు బలం తక్కువ.

హైదరాబాద్‌లో ఇంకో చిక్కుంది. బ్యాంకు లోన్ కోసం చాలామంది సెమీ ఫినిష్డ్ ఫ్లాట్‌గా ముందే సేల్ డీడ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. మిగతా పనికి విడిగా నిర్మాణ ఒప్పందం రాసుకుంటారు. గోడలు లేవకముందే ఆ సేల్ డీడ్‌లో స్వాధీనం ఇచ్చేశామన్న వాక్యం ఉంటే, రేపు అదే వాక్యం బిల్డర్‌కు అక్కరకొస్తుంది. అలాంటప్పుడు తేదీ వేసిన ఫొటోలు, సేల్ డీడ్ తర్వాత కూడా పని కోసం కట్టిన వాయిదాల రసీదులు, పని మిగిలి ఉందని బిల్డర్ పంపిన ఈమెయిళ్లు నిజాన్ని నిలబెడతాయి. ఒప్పందంలో అసలు తేదీయే లేకపోతే బ్రోచర్, అలాట్‌మెంట్ లెటర్, వాట్సాప్ మెసేజ్‌లు ఆధారమవుతాయి. నోటిమాట మాత్రం నిలవదు.

తెలంగాణలో వడ్డీ కోసం ఫారం ఎం లో అథారిటీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తారు. అద్దె ఖర్చు, మానసిక వేదనలాంటి నష్టపరిహారం వేరే దారి. దానికి ఫారం ఎన్ లో అడ్జుడికేటింగ్ అధికారి ముందుకు వెళ్లాలి. రెండూ కలిపి రాస్తే కాలయాపన తప్పదు. ఫిర్యాదులో కోపం కన్నా క్రమం ముఖ్యం. ఉదాహరణకు ఇలా ఉంటే చాలు: ‘ఒప్పందంలోని ఫలానా క్లాజు ప్రకారం 2022 డిసెంబరు 31కి ఫ్లాట్ అప్పగించాలి. మేము కట్టిన మొత్తాలు, తేదీలు జతచేసిన పట్టికలో ఉన్నాయి. నేటికీ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాలేదు. 18వ సెక్షన్ కింద 2023 జనవరి 1 నుంచి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో ఫ్లాట్ అప్పగించేదాకా నెలనెలా వడ్డీ ఇప్పించగలరు.’ పట్టికలోని ప్రతి అంకె బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోవాలి. మనవైపు వాయిదా ఏదైనా ఆలస్యమైతే దాచకుండా చూపడం మంచిది. బిల్డర్ ఎలాగూ చూపిస్తాడు.

చివరి తేదీ విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఫిర్యాదు పడగానే కొందరు బిల్డర్లు ఫిట్-అవుట్ల కోసం ఫ్లాట్ తీసుకోండంటూ ఉత్తరం పంపుతారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకుండా ఇచ్చే తాళాలతో వడ్డీ గడియారం ఆపాలన్నది ఎత్తుగడ. ఆ ఉత్తరంతోపాటు ఇక ఏ క్లెయిమూ లేదని సంతకం చేయమనే కాగితం కూడా వస్తుంది. 2020 ఆగస్టులో డీఎల్ఎఫ్ సదరన్ హోమ్స్ కేసులో సుప్రీంకోర్టు, ఫ్లాట్ తీసుకున్నంత మాత్రాన ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోదని చెప్పింది. అది వినియోగదారుల చట్టం కింద వచ్చిన తీర్పే అయినా ఇక్కడా వాదనకు పనికొస్తుంది. అయినా తాళాల మీద ఆశతో ఆ కాగితం మీద సంతకం పెట్టకపోవడమే మేలు. తప్పనిసరై తీసుకుంటే, వడ్డీ హక్కు వదులుకోవడం లేదని రాతపూర్వకంగా చెప్పాలి.

ఆర్డర్ వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. బిల్డర్ అప్పీలుకు వెళ్లవచ్చు. అయితే కొనుగోలుదారుకు ఇవ్వాల్సిన మొత్తాన్ని ట్రిబ్యునల్‌లో ముందుగా జమచేయాలి. ఈ షరతును 2021లో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పీలూ లేదు, చెల్లింపూ లేదంటే 40వ సెక్షన్ కింద ఆ మొత్తాన్ని భూమిశిస్తు బకాయిలా వసూలు చేయాలి. అంటే ఫైలు కలెక్టర్ కార్యాలయానికి వెళ్తుంది. అసలు ఆలస్యం అక్కడే. రెవెన్యూ సిబ్బంది బిల్డర్ ఆస్తులు ఎక్కడున్నాయో వెతకాలి, వాటి మీద అప్పటికే బ్యాంకు తాకట్టు ఉందేమో చూడాలి. అందుకే అనుభవమున్న కొనుగోలుదారులు అదే ప్రాజెక్టులో అమ్ముడుపోని ఫ్లాట్ల నంబర్లు, రెరా వెబ్‌సైట్‌లో బిల్డర్ చూపించిన ఇతర ప్రాజెక్టుల వివరాలు ముందే రాసి పెట్టుకుని, వసూలు దరఖాస్తుతో పాటే జత చేస్తారు.