పలచబడిన రక్తమా, తరిగిన రక్తమా?

ఆరో నెల దాటాక చేసిన పరీక్షలో హిమోగ్లోబిన్ 10.6 అని వస్తే ఆ ఇంట్లో ఆ పూట ఎవరికీ ముద్ద దిగదు. మూడో నెలలో 12.4 ఉన్నది ఇంతలో ఎక్కడికి పోయింది? పిల్ల సరిగా తినడం లేదని అత్తగారంటారు, మాత్రలు మింగడం లేదని భర్త అనుమానిస్తాడు. సాయంత్రానికల్లా దానిమ్మకాయలు, ఖర్జూరాలు, బీట్‌రూట్లు ఇంటికి చేరతాయి. గర్భిణికేమో ఏదో తప్పు చేసిన భావన. నిజానికి ఆ అంకె ఆమె ఒళ్లు చేయాల్సిన పని చక్కగా చేస్తోందనడానికి గుర్తు కావచ్చు. అదే 10.6 ఇంకొకరిలో, ఐరన్ నిల్వలు పూర్తిగా అడుగంటాయని చెప్పే హెచ్చరికా కావచ్చు. ఏది ఏదో తేల్చాలంటే ముందు ఒక చిన్న లెక్క చూడాలి.

గర్భం రాకముందు ఒక స్త్రీ ఒంట్లో నాలుగు లీటర్ల రక్తం ఉందనుకుందాం. అందులో రెండున్నర లీటర్లు ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం. మిగతా ఒకటిన్నర లీటరు ఎర్రకణాలు. ఆమె హిమోగ్లోబిన్ 12.6. అంటే ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 12.6 గ్రాములు. మొత్తం ఒంట్లో సుమారు 504 గ్రాములు.

గర్భం నిలిచిన ఆరేడు వారాల నుంచే ప్లాస్మా పెరగడం మొదలవుతుంది. హార్మోన్ల ప్రభావంతో మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ బయటికి పోనీయకుండా పట్టి ఉంచుతాయి. ఎనిమిదో నెల వచ్చేసరికి ప్లాస్మా 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. ఎర్రకణాలూ పెరుగుతాయి కానీ వాటిని ఎముక మజ్జ తయారు చేయాలి, అందుకు ఐరన్ కావాలి, సమయం పడుతుంది. అవి 20 శాతం దగ్గర్లో పెరుగుతాయి. మన ఉదాహరణలో ప్లాస్మా 3.6 లీటర్లు, కణాలు 1.8 లీటర్లు, మొత్తం రక్తం 5.4 లీటర్లు అయిందనుకోండి. హిమోగ్లోబిన్ మొత్తం 605 గ్రాములకు చేరింది. దాన్ని 5.4 లీటర్లకు పంచితే వచ్చే అంకె 11.2.

అంటే ఆమె ఒంట్లో హిమోగ్లోబిన్ 100 గ్రాములు పెరిగింది, రిపోర్టులో మాత్రం 1.4 తగ్గింది. చుట్టాలొస్తున్నారని పప్పుచారులో గుప్పెడు పప్పు ఎక్కువ వేసి, రెండు చెంబుల నీళ్లు ఎక్కువ పోసినట్టన్నమాట. పప్పు తగ్గలేదు, చారు పలచబడింది. దీన్నే డాక్టర్లు గర్భిణుల్లో సహజమైన రక్తహీనత అంటారు. అందులో హీనత ఏమీ లేదు కాబట్టి నాకు ఆ పేరే నచ్చదు.

ఇలా పలచబడటం వల్ల ప్రయోజనం ఉంది. పలచటి రక్తం మాయలోని సన్నటి ఖాళీల్లోకి తేలిగ్గా పారుతుంది. బిడ్డకు ఆక్సిజన్ అందేది అక్కడే. ప్రసవంలో అర లీటరు దాకా రక్తం పోవడం మామూలే. పోయేది పలచటి రక్తమైతే దాంతోపాటు పోయే కణాలూ తక్కువే. అసలు పలచబడకపోతే ఏమవుతుంది? లండన్ ప్రాంతంలో లక్షన్నర కాన్పుల రికార్డులను ఫిలిప్ స్టీర్ బృందం పరిశీలించి 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించింది. గర్భకాలంలో అతి తక్కువగా నమోదైన హిమోగ్లోబిన్ 9.5కూ 10.5కూ మధ్య ఉన్నవారిలోనే తక్కువ బరువు బిడ్డలు అతి తక్కువగా పుట్టారు. 10.5 కిందికి దిగనే దిగని వారిలో తక్కువ బరువు, నెలలు నిండని కాన్పులు ఎక్కువ. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే మంచిదని దీని అర్థం కాదు. ప్లాస్మా సరిగా పెరగని గర్భాల్లో అంకె దిగదు, ఆ గర్భాల్లోనే ఇబ్బందులు కనిపిస్తాయి. అందుకే ఎనిమిదో నెలలో 13.5 ఉందని సంబరపడే ముందు బీపీ ఎంతుందో, మూత్రంలో ప్రొటీన్ పోతోందో లేదో, బిడ్డ ఎదుగుదల ఎలా ఉందో చూడాలి.

అయితే పలచబడటానికీ ఒక హద్దుంది. పై లెక్కలో ఎర్రకణాలు అసలు పెరగలేదనుకోండి. అవే 504 గ్రాములు 5.1 లీటర్లలో సర్దుకుంటే అంకె 9.9 దగ్గర ఆగుతుంది. కణాలు ఎంతో కొంత పెరిగే ఆరోగ్యవంతురాలిలో సాధారణంగా అంత కిందికీ దిగదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాలు మొదటి మూడు నెలల్లో 11, మధ్య మూడు నెలల్లో 10.5, చివరి మూడు నెలల్లో మళ్లీ 11 హద్దుగా పెట్టాయి. బ్రిటన్‌లో చివరి దాకా 10.5నే పాటిస్తారు. మన ప్రభుత్వ కార్యక్రమంలో నెలతో పనిలేకుండా 11 కన్నా తక్కువైతే రక్తహీనత కిందే లెక్క. 10 నుంచి 10.9 స్వల్పం, 7 నుంచి 9.9 మధ్యస్థం, 7 కన్నా తక్కువైతే తీవ్రం. కాబట్టి 8.5 చూసి "గర్భంలో రక్తం పలచబడుతుందిలే" అని ఎవరైనా సర్దిచెబితే నమ్మొద్దు. నీళ్లు కలిసినంత మాత్రాన 12.6 ఎప్పుడూ 8.5 కాదు.

చిక్కంతా 10, 11 మధ్య ఉన్నవారితోనే. ఇక్కడ ముగ్గురు గర్భిణులను ఊహించుకుందాం. ముగ్గురికీ 26వ వారం, ముగ్గురికీ 10.6.

మొదటామెకు మూడో నెలలో 12.4 ఉంది. సీబీసీ రిపోర్టులో హిమోగ్లోబిన్‌కు కాస్త కింద ఎంసీవీ అని ఉంటుంది. అది ఎర్రకణం సగటు పరిమాణం. ఈమెకు 88, మామూలే. ఆర్‌డీడబ్ల్యూ, అంటే కణాల సైజుల్లో తేడా, 13.5. అదీ మామూలే. ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ 38. కణాలు నిండుగా ఉన్నాయి, వాటి మధ్య నీరు పెరిగింది, అంతే. ఈమెకు జబ్బు లేదు. రోజుకొక ఐరన్ మాత్ర మాత్రం మానకూడదు, ఎందుకో కాసేపట్లో చూద్దాం.

రెండో ఆమె మొదటి పరీక్షలోనే 11.3. అప్పుడది హద్దు పైనే ఉందని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఎంసీవీ 74, ఆర్‌డీడబ్ల్యూ 18, ఫెరిటిన్ 8. నీళ్లు కలిస్తే కణాలు దూరం జరుగుతాయి తప్ప చిన్నవి కావు. కణం చిన్నదైందంటే చాలావరకు దాన్ని నింపడానికి ఐరన్ చాలలేదని అర్థం. నా దృష్టిలో రిపోర్టు మొత్తంలో ఇంతకన్నా విలువైన ఆధారం లేదు. ఫెరిటిన్ 30 కన్నా తగ్గితే గర్భిణిలో ఐరన్ లోటు ఉన్నట్టే చూస్తారు. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ లేనిపోని విధంగా పెరుగుతుంది కాబట్టి మామూలుగా ఉందంటే నమ్మేముందు ఆ సంగతి చూసుకోవాలి. ఇంకో మాట. ఈమె కొన్నాళ్లుగా పచ్చి బియ్యం, బలపాలు నములుతోంది. కడుపుతో ఉన్నవాళ్లకు ఇలాంటి కోరికలు మామూలేనని ఇంట్లోవాళ్లు నవ్వి ఊరుకున్నారు. బియ్యం, మట్టి, బలపాలు, ఐసుముక్కల మీదికి మనసు పోవడం ఐరన్ లోటుకు తెలిసిన లక్షణమే.

మూడో ఆమెకు ఎంసీవీ ఇంకా తక్కువ, 67. కానీ ఆర్‌డీడబ్ల్యూ మామూలు, ఫెరిటిన్ 60, ఎర్రకణాల సంఖ్య 50 లక్షలు దాటింది. ఐరన్ నిండుగా ఉండగా కణాలు చిన్నవిగా, లెక్కకు ఎక్కువగా ఉన్నాయంటే తలసీమియా వాహకురాలేమో చూడాలి. హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసే పరీక్షలో ఏ2 రకం 3.5 శాతం దాటితే దాదాపు ఖాయం. ఈమెకు మాత్రలు రెట్టింపు చేసినా అంకె కదలదు. అంతకన్నా ముఖ్యమైనది భర్త పరీక్ష. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఈ సంగతి 26వ వారంలో కాదు, మొదటి మూడు నెలల్లోనే తెలియాలి. మొదటి సీబీసీలో ఎంసీవీని ఎవరైనా చూసి ఉంటే తెలిసేది.

ఇక మొదటామె మాత్ర సంగతి. గర్భకాలం మొత్తానికి సుమారు 1000 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. బిడ్డకూ మాయకూ 300, తల్లి కొత్త ఎర్రకణాలకు 500 దాకా, రోజువారీగా పోయేది 200. బాగా తినే స్త్రీ ఒంట్లోనూ నిల్వ 300 దగ్గర్లోనే ఉంటుంది. చివరి నెలల్లో రోజుకు ఆరేడు మిల్లీగ్రాములు రక్తంలోకి చేరాలి. అన్నం, పప్పు, కూరల్లోంచి ఒంటికి పట్టేది అందులో కొంతే. దానిమ్మ, బీట్‌రూట్ ఎంత తిన్నా ఈ తేడా పూడదు, వాటి రంగుకూ ఐరన్‌కూ సంబంధం లేదు. అందుకే నాలుగో నెల నుంచి 180 రోజులు ఆ ఎర్ర మాత్ర. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆ ఫోలిక్ యాసిడ్ వెనక మన చరిత్రా ఉంది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసిన లూసీ విల్స్ 1931లో ఈస్ట్ సారంతో అది నయమవుతోందని చూపించారు. ఆ సారంలో పనిచేసిన ఫోలిక్ యాసిడ్‌ను 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ పరిశోధనశాలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

నిజంగా లోటున్న రెండో ఆమెకు రోజుకు రెండు మాత్రలు. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగాలి. పెరిగితే లోటు ఐరన్‌దేనని రుజువైనట్టే. పెరగకపోతే ముందు అడగాల్సింది మాత్ర ఎలా వేసుకుంటున్నారని. చాలామంది ఐరన్, కాల్షియం మాత్రలు రెండూ కలిపి, అన్నం తిన్న వెంటనే మింగేసి పైన టీ తాగుతారు. కాల్షియం, టీ, పాలు మూడూ ఐరన్‌ను పట్టనివ్వవు. వాటికీ ఐరన్ మాత్రకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. వికారం, మలబద్ధకం భరించలేక మాత్రలు డబ్బాలోనే దాచేసేవారూ ఉంటారు. వాళ్లను కసురుకుంటే నిజం చెప్పరు. రాత్రి పడుకోబోయే ముందు వేసుకుంటే కొందరికి తేలిగ్గా ఉంటుంది. సరిగా వేసుకున్నా కదలకపోతే నులిపురుగులు, బీ12 లోటు, తలసీమియా లాంటివి వెతకాలి, లేదా నరం ద్వారా ఐరన్ ఎక్కించాలి. ఏడు కన్నా తగ్గితే మాత్రలతో కాలం గడపకూడదు, పెద్దాసుపత్రికి పంపాలి. ఐదు కన్నా తక్కువైతే వెంటనే చేర్చుకుని రక్తం ఎక్కించాల్సి రావచ్చు. కాస్త మెట్లెక్కితే ఆయాసం గర్భిణులకు మామూలే. కూర్చున్నచోటే ఆయాసం, గుండెదడ మామూలు కాదు.

కాన్పయ్యాక అదనపు ప్లాస్మా కొద్ది వారాల్లో ఖాళీ అవుతుంది. ఆరు వారాలు గడిచాక మొదటామెకు సీబీసీ చేస్తే, కాన్పులో మరీ ఎక్కువ రక్తం పోకపోతే, హిమోగ్లోబిన్ 12 దాటి కనిపిస్తుంది. రెండో ఆమెకు అప్పటికీ 12 లోపే ఉంటే లోటు ఇంకా తీరలేదన్నమాట. ప్రభుత్వం కాన్పు తర్వాత ఇంకో 180 రోజులకు ఇచ్చే మాత్రలు అందుకే. ఇంటికొచ్చాక ఎక్కువమంది మానేసేవీ అవే, మలి గర్భం 11.3తో మొదలయ్యేదీ అక్కడి నుంచే.