స్వాహిలీలో మనసు చెప్పే తీరు

తూర్పు ఆఫ్రికాలో, ముఖ్యంగా టాంజానియా, కెన్యాల్లో మాట్లాడే స్వాహిలీలో ఇష్టం, ప్రేమ రెండింటికీ ‘పెండా’ అనే ఒకే ధాతువు. ‘నపెండా చాయి’ అంటే నాకు టీ ఇష్టం. ‘నకుపెండా’ అంటే నిన్ను ప్రేమిస్తున్నాను. మధ్యలో చేరిన ‘కు’ నిన్ను అనే అర్థాన్నిస్తుంది. తల్లి బిడ్డతో అన్నా, భర్త భార్యతో అన్నా ఇదే మాట. కొత్తగా పరిచయమైన అమ్మాయితోనో అబ్బాయితోనో అంటే మాత్రం అది ప్రేమ ప్రకటనే అవుతుంది. ‘నువ్వంటే నాకు ఇష్టం’ అని తేలిగ్గా చెప్పినట్టు ఉండదు.

అందుకని మనిషిని కాకుండా, ఆ మనిషితో గడిపే తీరును మెచ్చుకోవడం మేలు. ‘నపెండా కుజుంగుమ్జా నావె’ అంటే ‘నీతో మాట్లాడటం నాకిష్టం’. ఇందులో ఆప్యాయత ఉంది, తొందరపాటు లేదు. అందాన్ని పొగిడేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. ‘వేవె ని మ్రెంబో’ అంటే ‘నువ్వు అందగత్తెవి’. తొలి పరిచయంలో ఇది కాస్త చనువు తీసుకున్నట్టే. ‘ఉమెపెండెజా’ అంటే ‘ఈ రోజు బాగున్నావు’ అన్నట్టు. ‘మె’ వల్ల ఆ మాట ఇప్పటి ముస్తాబుకే వర్తిస్తుంది. పెళ్లికి వచ్చిన అత్తగారితోనైనా సంకోచం లేకుండా అనవచ్చు. ఈ రెండింటిలో నేర్చుకునేవారికి ముందు పట్టుబడాల్సింది ఇదే.

‘మ్పెంజి’ అంటే ప్రియమైనవారు. రేడియోలో శ్రోతలను ‘మ్పెంజి మ్సికిలిజాజి’ అంటూ పలకరిస్తారు, అక్కడ అది మర్యాదే. ఒక్కరినే ఉద్దేశించి ‘మ్పెంజి వాంగు’ అంటే మాత్రం ‘నా ప్రియా’ అని అర్థం. ‘లాజిజి’, ‘మలైకా’ వంటి పిలుపులు కూడా ప్రేమ కుదిరినవారివే. అంతవరకూ ఆడవారిని ‘డాడా’, మగవారిని ‘కాకా’ అనడం నయం. అక్కాచెల్లెళ్లను, అన్నలను పిలిచే మాటలే అవి.

దార్ ఎస్ సలామ్‌లో ఒక ఆఫీసు అనుకుందాం. సాయంత్రం దాకా పని చేసి అలసిన సహోద్యోగినిని చూసి ‘పోలె నా కాజి, డాడా’ అనాలి. పనిలో అలసిపోయినవారి మీద సానుభూతి చూపే మాట ఇది. ఎవరికైనా చెల్లుతుంది, అందరికీ నచ్చుతుంది. ఆమె ‘అసాంతె’ అని నవ్వితే, ‘ఉంగెపెండా చాయి?’ అని అడగవచ్చు. ‘న్గె’ కలిసినందువల్ల ఆ ప్రశ్న ‘టీ తాగుతారా, ఇష్టమైతేనే’ అన్నంత మృదువుగా వినిపిస్తుంది. ‘లబ్దా సికు న్యింగినె’, అంటే ఇంకో రోజెప్పుడైనా చూద్దాం అన్నదంటే, సాధారణంగా అది మర్యాదైన తిరస్కారమే. ఆమె మరో రోజు పేరు చెప్పకపోతే మళ్లీ అడగకూడదు. ‘నిమెఒలేవా’ అంటే పెళ్లయిందని అర్థం. ఆ ప్రస్తావన అక్కడితో ఆపి, మర్నాడు మామూలు పలకరింపుతో సాగాలి.