పటంలో ఉన్నది తాతయ్యేనా?

పోయినవాళ్లకు పటం కట్టించే వేళ చాలా ఇళ్లలో ఒకే ఒక్క ఫొటో దొరుకుతుంది. ఎవరి పెళ్లిలోనో తీసిన గ్రూపు ఫొటో, అందులో వెనక వరసలో, సగం నీడలో ఒక ముఖం. ఒకప్పుడు స్టూడియోలో టచింగ్ చేసే ఆయన బ్రష్షు పట్టుకుని దాన్ని సరిదిద్దేవాడు. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. మసక ముఖాన్ని ఇస్తే నిమిషంలో కనురెప్పల వెంట్రుకలతో సహా తేటగా తిరిగి ఇస్తుంది. ఇంటిల్లిపాదీ అబ్బురపడతారు. కాసేపయ్యాక నాయనమ్మ మాత్రం, ‘బాగానే ఉంది గానీ, మీ తాతయ్యలా లేడురా’ అంటుంది. పెద్దావిడకు చూపు ఆనడం లేదని సర్దిచెప్పేస్తాం. ఆవిడ మాటే సరైనది కావడానికి చాలా అవకాశం ఉంది. ఎందుకో తెలియాలంటే ఈ ఫేస్ రిస్టోరేషన్ మోడళ్ల మీద ఉన్న కొన్ని అపోహలను విప్పి చూడాలి.

అపోహ: వివరాలు ఫొటోలోనే దాగి ఉంటాయి, మోడల్ వాటిని బయటికి తీస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఆరంగుళాల వెడల్పున్న గ్రూపు ఫొటోలో తాతయ్య ముఖం వెడల్పు 4 మిల్లీమీటర్లు అనుకుందాం. ఊళ్లో ఉన్న బాబాయి దాన్ని ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపితే, మన దగ్గరికి 1200 పిక్సెళ్ల వెడల్పుతో చేరిందనుకుందాం. అంటే అంగుళానికి 200 పిక్సెళ్లు. ఆ లెక్కన తాతయ్య ముఖం వెడల్పుకు దక్కినవి సుమారు 32 పిక్సెళ్లు. నిజమైన ముఖం దాదాపు 14 సెంటీమీటర్ల వెడల్పుంటుంది కాబట్టి, ఒక్కో పిక్సెల్ ఆయన ముఖం మీద ఇంచుమించు నాలుగున్నర మిల్లీమీటర్ల చోటును మోస్తోంది. కనురెప్ప మడత, పెదవి అంచు, కంటి మూల ముడతలు అన్నీ ఆ నాలుగున్నర మిల్లీమీటర్లలో కలిసిపోయి ఒకే బూడిద రంగుగా మిగిలాయి. అవి దాక్కోలేదు, పోయాయి.

మోడల్ తిరిగి ఇచ్చేది మామూలుగా 512 పిక్సెళ్ల చదరం. 32 పిక్సెళ్ల చదరంలో ఉన్నవి 1,024 పిక్సెళ్లయితే, 512 చదరంలో ఉన్నవి 2,62,144. ఫొటో నుంచి వచ్చిన ఒక్కో పిక్సెల్ పక్కన మోడల్ కల్పించినవి 255 చేరాయన్న మాట.

2020లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు ‘పల్స్’ అనే పద్ధతిని బయటపెట్టారు. 16 పిక్సెళ్ల ముఖాన్ని 1024 పిక్సెళ్ల ముఖంగా మార్చడం దాని పని. ఆ జూన్‌లో ఎవరో బరాక్ ఒబామా ఫొటోను గళ్లుగళ్లుగా చేసి దానికి ఇచ్చారు. ఆ గళ్లలో కూడా ఆయన్ని ఎవరైనా గుర్తుపడతారు. పల్స్ మాత్రం ఒక తెల్లజాతి మనిషి ముఖాన్ని ఇచ్చింది. చాలామంది దాన్ని చూసి నవ్వుకుని, మోడల్ లెక్క తప్పిందనుకున్నారు. లెక్క తప్పలేదు. కుదించినప్పుడు ఇచ్చిన మసక బొమ్మకు సరిపోయే ముఖాన్ని వెతకడమే పల్స్ పద్ధతి. అలా సరిపోయే ముఖాలు అసంఖ్యాకంగా ఉంటాయి, అందులో ఒకటి దానికి దొరికింది. తమది లేని మనుషుల ముఖాలను కల్పించే పద్ధతేననీ, అసలు మనిషిని గుర్తించడానికి పనికిరాదనీ దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు. అందుకే ‘కుదించి చూస్తే పాత ఫొటోలాగే ఉంది కదా’ అన్నది పోలికకు రుజువు కాదు.

అపోహ: వేల ముఖాలు చూసి నేర్చుకుంది కాబట్టి మన ముఖం కూడా దానికి తెలుసు.

2021లో వచ్చిన జీఎఫ్‌పీ-గ్యాన్, 2022లో వచ్చిన కోడ్‌ఫార్మర్ ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్నవి. రెండూ ముఖ్యంగా ఎఫ్ఎఫ్‌హెచ్‌క్యూ అనే సముదాయంతో నేర్చుకున్నాయి. అందులో ఉన్నవి ఫ్లికర్‌లో జనం పెట్టుకున్న ఫొటోల నుంచి ఏరిన 70,000 ముఖాలు. మంచి కెమెరాతో, మంచి వెలుతురులో తీసినవి. 1960ల నాటి మన పల్లెటూరి రైతు ముఖాన్ని వాటిలో వెతుక్కోవాల్సిందే.

కోడ్‌ఫార్మర్ పని తీరు పాత ప్రెస్సులో కంపోజింగ్ లాంటిది. దాని పెట్టెలో 1024 దిమ్మెలుంటాయి. ఒక్కో దిమ్మె ముఖంలోని ఏదో ఒక ముక్క తాలూకు నమూనా. మన మసక ముఖాన్ని అది అడ్డంగా 16, నిలువుగా 16, మొత్తం 256 గళ్లుగా చూసి, ఒక్కో గడిలో ఏ దిమ్మె పెట్టాలో ఊహిస్తుంది. పెట్టెలో లేని అక్షరం వస్తే దగ్గరగా ఉన్నదాన్ని పెట్టేస్తుంది. పక్కపక్క దిమ్మెలు పొందికగా కుదురుతాయి కాబట్టి ముఖం సహజంగానే కనిపిస్తుంది. ప్రమాదమంతా ఆ సహజత్వంలోనే ఉంది. వంకరగా వచ్చి ఉంటే మనమే పక్కన పెట్టేవాళ్లం.

మన ఇళ్లలో దీనివల్ల ముందుగా పోయేది స్ఫోటకపు మచ్చలు. మన దేశంలో మశూచి 1975లో ఆగింది. అంతకు ముందు తరంలో మచ్చలున్న ముఖాలు కొల్లలు. 32 పిక్సెళ్ల ముఖంలో ఆ గుంటలు ఎలాగూ కనిపించవు, వాటి చోట మోడల్ నున్నటి చర్మం పరుస్తుంది. అదే ఫొటోను బాగా స్కాన్ చేసి, గుంటలు కొంచెం కనిపించేలా ఇచ్చినా బెడద తీరదు. ఈ మోడళ్లకు శిక్షణ ఎలా ఇస్తారంటే, తేటగా ఉన్న ముఖాన్ని తీసుకుని, దాన్ని మసకబార్చి, కుదించి, చుక్కలు చుక్కలుగా నాయిస్ చల్లి, జేపెగ్‌గా నొక్కి, తిరిగి మొదటి ముఖం తెమ్మంటారు. కాబట్టి చర్మం మీద చిన్న చిన్న చుక్కలంటే తుడిచేయాల్సిన చెత్త అని అది నేర్చుకుంది. ముక్కుపుడకకూ, పచ్చబొట్టుకూ, మెల్లకన్నుకూ ఇదే గతి పట్టవచ్చు. జీఎఫ్‌పీ-గ్యాన్ 1.2 వెర్షన్ ముఖానికి మేకప్ వేసినట్టు చేస్తుందని తయారీదారులే రాసుకున్నారు. 1.3 వెర్షన్ సహజంగా ఉంటుంది గానీ పోలిక కాస్త మారుతుందనీ ఒప్పుకున్నారు. ఈ మాట యాప్ అమ్మేవాళ్ల ప్రకటనల్లో నాకెక్కడా కనబడలేదు.

అపోహ: ఎంత తేటగా వస్తే అంత బాగుపడినట్టు.

కోడ్‌ఫార్మర్‌లో ఒక మీట ఉంది. దాని పేరు `w`, విలువ 0 నుంచి 1 దాకా. 0 వైపు తిప్పితే మోడల్ తన దిమ్మెలనే నమ్ముకుంటుంది, ముఖం అద్దంలా వస్తుంది. 1 వైపు తిప్పితే మనమిచ్చిన ఫొటోలోని ఆనవాళ్లకు ఎక్కువ విలువ ఇస్తుంది. ముఖం కొంత మసకగా, ఒక్కోసారి ఫొటో మీది గీతలతో సహా వస్తుంది. రెండూ ఒకేసారి దక్కవు. చూడ్డానికి సహజంగా ఉండటానికీ అసలుకు దగ్గరగా ఉండటానికీ మధ్య, ఒక హద్దు దాటాక, ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గక తప్పదని 2018లో బ్లౌ, మికాయెలీ అనే ఇద్దరు పరిశోధకులు గణితంతోనే చూపించారు.

కంప్యూటర్ మీద నడిపేవాళ్లకు ఆజ్ఞ ఇలా ఉంటుంది:

```
python inference_codeformer.py -w 0.8 --input_path inputs/group.jpg
```

`w` చెప్పకపోతే అది 0.5 తీసుకుంటుంది. తెలిసిన మనిషి పటానికైతే 0.8 దగ్గర మొదలుపెట్టి, మరీ మసకగా ఉంటేనే కిందికి దిగడం మేలని నా అభిప్రాయం. 1 పెట్టినా వచ్చేది అసలు ఫొటో కాదు, దిమ్మెలు అప్పుడూ ఉంటాయి. మీట లేని యాప్ వాడుతుంటే, వచ్చిన ముఖాన్ని అసలు మీద ఒక లేయర్‌గా పరిచి సగానికి పలచన చేయండి. కొంత మసక తిరిగి వస్తుంది, కొంత తాతయ్యా తిరిగి వస్తాడు.

అపోహ: తేడా ఉంటే ఇంట్లోవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

మొదటి క్షణంలో పట్టేస్తారు. రెండు రోజులు గోడ మీద చూశాక ఆ ముఖమే అలవాటైపోతుంది. మనవలకైతే పోల్చుకోవడానికి వేరే జ్ఞాపకమే లేదు. అందుకని కన్ను మీద భారం వేయకుండా ముందే ఒక పరీక్ష చేయాలి.

తాతయ్యదే మరో ఫొటో, చిన్నదైనా తేటగా ఉన్నది, దొరికితే అది తీసుకోండి. లేదంటే ఆయన పోలికలున్న కొడుకు ఫొటో చాలు. ఆ ముఖాన్ని గ్రూపు ఫొటోలో ఉన్నంతకే, అంటే 32 పిక్సెళ్లకు, కుదించండి. కొంచెం మసకచేసి, జేపెగ్ నాణ్యత తగ్గించి సేవ్ చేయండి. ఇప్పుడు దాన్ని మోడల్‌కు ఇచ్చి, వచ్చిన ముఖాన్ని తేట ఫొటో పక్కన పెట్టండి. ఈసారి సరైన జవాబు మీ చేతిలోనే ఉంది. కళ్ల మధ్య దూరం, దవడ గీత, తల ఆకారం వంటివి తరచుగా నిలబడతాయి. కనురెప్పలు, ముక్కు కొస, పెదవుల అంచు తరచుగా వేరేవాళ్లవి అవుతాయి. మీకు బాగా తెలిసిన బాబాయే ఆ కొలతలో పరాయివాడైపోతే, తాతయ్య ముఖాన్ని అది సరిగ్గా తెచ్చిందని నమ్మడానికి ఆధారం లేదు.

ఇంకో తేలిక మార్గం, అదే ఫొటోను `w` విలువ 0, 0.5, 1 వద్ద మూడుసార్లు, వీలైతే వేరే మోడల్‌తో నాలుగోసారి నడపడం. ఫలితాలు ఎక్కడ విభేదిస్తాయో అక్కడ ఫొటో ఏమీ చెప్పలేదన్న మాట. అన్నీ కలిసినంత మాత్రాన నిజమని కాదు, ఒకే ముఖాలతో నేర్చుకున్నవి ఒకే తప్పూ చేస్తాయి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది వేరే ఉంది. వాట్సాప్ ఫొటోను వదిలేసి అసలు ప్రింటును తెప్పించి 600 డీపీఐలో స్కాన్ చేయించండి. అదే 4 మిల్లీమీటర్ల ముఖానికి 32 బదులు 94 పిక్సెళ్లు వస్తాయి. ఒక్కో పిక్సెల్ ఇప్పుడు మోసేది ఒకటిన్నర మిల్లీమీటరే. ప్రింటులో అంత వివరం మిగిలి ఉంటే ఏ మోడల్ చేసే మేలూ దీనికి సాటిరాదు. అదే మనిషి వేరే ఫొటోలను చూసి బాగుచేసే మోడళ్లు కూడా 2018 నుంచీ ఉన్నాయి. మామూలు యాప్‌లలో ఆ వెసులుబాటు అరుదు.

అపోహ: పటానికి పనికొచ్చింది సీసీటీవీ దొంగను పట్టడానికీ పనికొస్తుంది.

2024 మార్చిలో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీ కోర్టు, ఒక హత్య కేసులో ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తో తేటపరిచిన వీడియోను సాక్ష్యంగా తీసుకోవడానికి ఒప్పుకోలేదు. అది ముఖాల మోడల్ కేసు కాదు గానీ చిక్కు ఒకటే, తెరమీద కనిపించేదాంట్లో కెమెరా చూసింది ఎంత, సాఫ్ట్‌వేర్ చేర్చింది ఎంత అన్నది. పటంలో ముక్కు మారితే నాయనమ్మ నొచ్చుకుంటుంది. పోలీసు స్టేషన్ గోడ మీది ఫొటోలో ముక్కు మారితే, ఆ ముక్కున్న ఇంకొకడిని ఊళ్లో పట్టుకొస్తారు. మసకగా ఉన్న అసలు ఫ్రేమును చూపిస్తే ‘ఇతనో కాదో చెప్పలేను’ అని సాక్షి అనగలడు. తేటపరిచింది చూపిస్తే ఆ సందేహానికి చోటే ఉండదు.

ఇంట్లో మాత్రం ఒక జాగ్రత్త చాలు. బాగుచేసిన ఫైలును అసలు పేరుతో సేవ్ చేయకండి. పేరులోనే ఏ మోడల్‌తో చేశారో, `w` ఎంత పెట్టారో రాసి, ముట్టుకోని స్కాన్‌ను అదే ఫోల్డరులో ఉంచండి. బంధువులకు పంపేటప్పుడు రెండూ కలిపే పంపండి. లేకపోతే పదేళ్ల తర్వాత ఎవరో ఆ తేట ముఖాన్నే అసలనుకుని మరో యాప్‌లో పెడతారు. మొదటి కల్పన మీద రెండో కల్పన చేరుతుంది.