ఒంటికాలి మీద నిలిస్తే తుంటి ఎందుకు ఒరగదు?

రెండు కాళ్ల మీద నిలబడినప్పుడు ఒంటి బరువు రెండు తుంటి కీళ్ల నడుమ దిగుతుంది. ఎడమకాలు ఎత్తగానే ఆధారం కుడి తుంటి కీలు ఒక్కటే అవుతుంది, బరువు మాత్రం దానికి ఎడమవైపే ఉండిపోతుంది. కటి ఎడమకు ఒరిగిపోవాలి. ఒరగనివ్వకుండా పట్టి ఉంచేది ప్రధానంగా కుడివైపు గ్లూటియస్ మీడియస్ కండరం.

ఇది కటి ఎముక బయటివైపు మొదలై, తొడ పైభాగంలో పక్కన చేతికి తగిలే ఎముక బుడిపెకు అతుక్కుంటుంది. కాలు గాల్లో ఉంటే ఇది బిగిసి కాలిని పక్కకు లేపుతుంది. పాదం నేలకు ఆనితే కాలు కదలదు కాబట్టి కటినే తనవైపు కిందికి లాగుతుంది. అలా ఎడమ అంచు పడిపోకుండా నిలుస్తుంది.

దీనికి ఎంత బలం కావాలో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. 60 కిలోల మనిషిలో నేల మీదున్న కాలు సుమారు 10 కిలోలు పోగా, కీలు మోయాల్సింది 50. ఆ బరువు కీలుకు రమారమి 10 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతుంది. కండరం లాగేది 5 సెంటీమీటర్ల దూరం నుంచే. భుజం మీది కావడిబద్ద ఒకవైపు పొట్టిగా ఉంటే ఆ వైపు రెట్టింపు బరువు కట్టాలి కదా! ఇక్కడా అంతే, కండరం దాదాపు 100 కిలోల బరువుతో సమానంగా లాగాలి.

అది చాలనప్పుడు ఎత్తిన కాలి వైపు కటి దిగిపోతుంది. జర్మన్ సర్జన్ ఫ్రెడరిక్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వివరించిన లక్షణం ఇదే. ఎడమ పక్క దిగితే లోపాన్ని వెతకాల్సింది కుడి పక్కన. బలహీనతే కాదు, కీలు నొప్పి, నరం దెబ్బతినడం కూడా కారణాలు కావచ్చు.

కటి దిగకుండానే శరీరం తప్పించుకునే దారి ఇంకొకటుంది. మొండేన్ని కుడికాలి మీదికి వాల్చితే బరువు కీలుకు దగ్గరవుతుంది. 10 సెంటీమీటర్లు 5 అయితే కండరం శ్రమ సగానికి పడిపోతుంది. వ్యాయామం చేశామనిపిస్తుంది కానీ, చేయాల్సిన కండరం చేయదు.

అందుకే తక్కువ ఎత్తున్న మెట్టు మీద, అద్దం ముందు చేయడం మేలు. కుడికాలి మీద నిలబడి, మోకాలు మెల్లగా వంచుతూ ఎడమ మడమను నేలకు తాకించి పైకి రావాలి. రెండు చేతులూ కటి అంచుల మీద ఉంచుకోండి. ఒక చెయ్యి దిగినా, భుజాలు పక్కకు వాలినా, మోకాలు లోపలికి పోయినా అక్కడితో ఆపేయండి. నొప్పి వస్తే ఫిజియోథెరపిస్టుకు చూపించాలి.

తేలిగ్గా అనిపించాక 5 కిలోల డంబెల్ పట్టుకోవచ్చు. ఏ చేత అన్నది ముఖ్యం. ఎడమచేతిలో ఉంటే అది కుడి కీలుకు దాదాపు 40 సెంటీమీటర్ల దూరంలో వేలాడి, కండరానికి మరో 40 కిలోల పని పెడుతుంది. కుడిచేతిలో ఉంటే కీలుకు అవతలివైపు వేలాడుతూ పనిని తగ్గిస్తుంది. కనుక మొదట కుడిచేత బరువుతో, తర్వాత ఖాళీ చేతులతో, చివరికి ఎడమచేత బరువుతో చేయడం సరైన వరుస.